మాన్యువల్ పేజీని సేఫ్టీ వీడియో స్క్రిప్టుగా మార్చడం: చేయి కదలకముందే హెచ్చరిక

బెంచ్ గ్రైండర్ వీల్ ఎలా మార్చాలో చూపించే ట్రైనింగ్ వీడియోకి కొన్నేళ్ల కిందట ఒక మెషిన్ షాపు కోసం స్క్రిప్టు రాశాను. మాన్యువల్‌లో ఏ వరసలో ఉందో అదే వరసలో, భాష మాత్రం తేలిక చేసి రాశాను. వీడియో తయారయ్యాక కొత్తగా చేరిన ఒక కుర్రాడు ఫోన్‌ని రేకు డబ్బాకి ఆనించి పెట్టుకుని, చూస్తూ పని మొదలుపెట్టాడు. "స్పానర్‌తో నట్టు విప్పండి" అని వినగానే స్పానర్ పెట్టేశాడు. గ్రైండర్ ప్లగ్ ఇంకా సాకెట్‌లోనే ఉంది. "ఈ పని మొదలుపెట్టే ముందు కరెంటు తీసేసి ఉండాలి" అన్న మాట వీడియోలో ఆ తర్వాత ఇరవై సెకన్లకి వస్తుంది. సూపర్‌వైజర్ చూసి పరుగున వెళ్లి ప్లగ్ పీకేశాడు కాబట్టి సరిపోయింది. కుర్రాడి తప్పేమీ లేదు. స్క్రిప్టు ఏ వరసలో చెప్పిందో అదే వరసలో చేశాడు.

ఆ తర్వాత ఆ స్క్రిప్టుని మొత్తం తిరగరాశాను. ఎలా తిరగరాశానో ఇక్కడ అదే గ్రైండర్ వీల్ ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఐటీఐలో పాఠం చెప్పేవాళ్లకి, చిన్న యూనిట్లలో సేఫ్టీ చూసేవాళ్లకి, కంపెనీల కోసం తెలుగులో స్క్రిప్టులు రాసేవాళ్లకి ఇది పనికొస్తుంది.

ముందు మాన్యువల్ పేజీ చూద్దాం

చాలా మాన్యువల్స్‌లో వీల్ మార్చే భాగం దాదాపు ఇలాగే ఉంటుంది. ఇది ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఆ పద్ధతిలో నేను రాసిన నమూనా.

> వీల్ మార్చుట
> 1. సైడ్ కవర్ స్క్రూలు విప్పి కవర్ తీయవలెను.
> 2. స్పానర్‌తో నట్టు విప్పి బయటి ఫ్లాంజ్‌ను, పాత వీల్‌ను తీయవలెను. (ఎడమవైపు లెఫ్ట్ థ్రెడ్ ఉండును.)
> 3. కొత్త వీల్ అమర్చి నట్టు బిగించవలెను. అతిగా బిగించరాదు.
> 4. కవర్ బిగించి, టూల్ రెస్ట్‌ను వీల్‌కు 3 మి.మీ. మించని దూరంలో సర్దవలెను.
> 5. ఒక నిమిషం ఖాళీగా నడపవలెను.
> గమనిక: పని ప్రారంభించుటకు ముందు విద్యుత్ సరఫరా తొలగించవలెను. వీల్ అమర్చుటకు ముందు రింగ్ టెస్ట్ చేయవలెను. వీల్‌పై ముద్రించిన గరిష్ఠ వేగము యంత్రము వేగము కంటే తక్కువ ఉండరాదు. పరీక్షగా నడుపునపుడు వీల్ ఎదుట నిలువరాదు.

కాగితం మీద ఇది మరీ అన్యాయమైన పేజీ ఏమీ కాదు. చదివేవాడి కన్ను పేజీ అంతటా తిరుగుతుంది. మూడో అంకె చదువుతూనే కింద "గమనిక" అన్న మాట కనిపిస్తుంది, వెనక్కి వెళ్లి చూసుకుంటాడు. వీడియోలో ఆ సౌకర్యం లేదు. చూసేవాడికి ఒకసారికి ఒక్క వాక్యమే అందుతుంది. తర్వాత ఏం రాబోతోందో తెలియదు. పైగా చేతుల్లో పనిముట్లు ఉన్నాయి, గ్రీజు అంటుకుని ఉంది, వీడియో వెనక్కి జరిపి చూసే ఓపిక ఉండదు. అందుకే కాగితం మీద కింద ఉన్నా సరిపోయే హెచ్చరిక వీడియోలో పైకి రావాలి. పైకి అంటే వీడియో మొదటికి కాదు, ఆ పనికి సరిగ్గా ముందుకి.

మొదటి పని: యంత్రం దగ్గర నిలబడి చేసి చూడండి

రాయడానికి కూర్చోకముందు మాన్యువల్ పట్టుకుని గ్రైండర్ దగ్గరికి వెళ్లండి. ప్లగ్ పీకి చేతిలో పట్టుకుని, పని తెలిసిన ఫిట్టర్‌ని పక్కన పెట్టుకుని, మాన్యువల్ చెప్పిన వరసలో ఒక్కొక్కటీ చేయించండి. ఆయన చేతులు ఎక్కడున్నాయో, మొహం ఎక్కడుందో రాసుకోండి. ఫిట్టర్ ఆలోచించకుండా చేసేసే పనుల్లోనే మాన్యువల్‌లో లేని అడుగులు దొరుకుతాయి.

మా దగ్గర అలా రెండు దొరికాయి. పాత వీల్ తీశాక ఫిట్టర్ లోపలి ఫ్లాంజ్ మొహాన్ని, అంటే వీల్‌ని పక్క నుంచి నొక్కి పట్టే బిళ్ల మొహాన్ని, గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశాడు. అక్కడ ఇసుక రేణువో లోహపు పొట్టో ఉంటే వీల్ సమంగా కూర్చోదు, బిగించినప్పుడు బరువంతా ఒకే చోట పడి పగులు రావచ్చు. రెండోది పేపర్ వాషర్. కొత్త వీల్‌కి రెండు వైపులా గుండ్రంగా అంటించి ఉండే కాగితం అది, దాని మీదే వేగం, సైజు ముద్రించి ఉంటాయి. చూడటానికి లేబుల్‌లాగే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు పీకి పారేస్తారు. నిజానికి ఫ్లాంజ్ ఒత్తిడి వీల్ మీద సమంగా పరుచుకునేలా చేసేది అదే. మాన్యువల్‌లోని "కొత్త వీల్ అమర్చి" అనే మూడు మాటల్లో ఈ రెండూ దాగి ఉన్నాయి.

రెండో పని: హెచ్చరికలన్నీ విడదీసి చీటీల మీద రాయండి

ఇప్పుడు పేజీలో ఉన్న ప్రతి హెచ్చరికనీ ఒక్కో చీటీ మీద రాయండి. బ్రాకెట్లో ఉన్నవి, వాక్యం చివర అతికించినవి, మాన్యువల్ మొదట్లోని "సాధారణ భద్రతా సూచనలు" పేజీలో ఉన్నవి, మీరు యంత్రం దగ్గర కనిపెట్టినవి, అన్నీ. పనుల్ని ఇంకో రంగు చీటీల మీద, ఒక్కో చీటీకి ఒకే పని చొప్పున రాయండి. "నట్టు విప్పి, ఫ్లాంజ్, వీల్ తీయండి" అన్నది మూడు చీటీలు అవుతుంది. ఇలా విడదీయకపోతే హెచ్చరికని దేని ముందు పెట్టాలో తేలదు.

తర్వాత ఒక్కో హెచ్చరిక చీటీ పట్టుకుని ఒకే ప్రశ్న వేసుకోండి: దీన్ని పాటించని మనిషి ఏ క్షణం నుంచి ప్రమాదంలో ఉంటాడు? దెబ్బ తగిలే క్షణం కాదు, ప్రమాదం మొదలయ్యే క్షణం. ఈ రెండింటికీ చాలా దూరం ఉండొచ్చు.

రింగ్ టెస్ట్‌నే తీసుకోండి, అంటే వీల్‌ని మెల్లగా కొట్టి, చప్పుడుని బట్టి పగులు ఉందేమో చూడటం. పగులు ఉన్న వీల్ దెబ్బ కొట్టేది ఐదో అంకెలో, స్విచ్ వేసినప్పుడు. మన దేశంలో 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు బెంచ్ గ్రైండర్ నిమిషానికి దాదాపు 2850 చుట్లు తిరుగుతుంది. 150 మి.మీ. వీల్ అయితే దాని అంచు సెకనుకి 22 మీటర్లకి పైగా, అంటే గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. పగిలిన ముక్క ఆ వేగంతోనే వస్తుంది. కానీ రింగ్ టెస్ట్ హెచ్చరిక ఐదో అంకె ముందు పెడితే ఏం లాభం? అప్పటికే వీల్ బిగించి, కవర్ మూసేశాం. ఫ్లాంజ్‌ల మధ్య బిగిసిన వీల్‌ని కొట్టి వినడం కుదరదు. వీల్ ఇంకా చేతిలో ఉన్నప్పుడే, స్పిండిల్‌కి ఎక్కించకముందే వినాలి. కాబట్టి ఆ చీటీ "కొత్త వీల్‌ని స్పిండిల్‌కి ఎక్కించండి" అన్న చీటీకి ముందు. అంతే కాదు, రింగ్ టెస్ట్ అనేది హెచ్చరిక రూపంలో ఉన్న పని. దానికి తనదైన అడుగు కావాలి, తనదైన షాట్లు కావాలి. "గమనిక"ల కింద తోసేసిన వాటిలో సగం ఇలాంటివే ఉంటాయి.

వేగం సంగతి ఇంకా ముందుకి పోతుంది. వీల్ మీద ముద్రించిన గరిష్ఠ వేగం గ్రైండర్ నేమ్‌ప్లేటు మీద ఉన్న వేగానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. అది చూడాల్సింది కొత్త వీల్ చేతిలోకి తీసుకోగానే, రింగ్ టెస్ట్‌కి ముందే. సరిపోని వీల్‌ని కొట్టి వినడం వృథా. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్‌లో గ్రైండింగ్ యంత్రం దగ్గర రాయికి సురక్షితమైన గరిష్ఠ వేగాన్నీ, స్పిండిల్ వేగాన్నీ రాసి శాశ్వతంగా పెట్టాలని ఉండేది. మీ షాపులో ఆ బోర్డు ఉంటే వీడియోలో దాన్ని చూపించండి, ఎక్కడ చూడాలో పనివాడికి తెలుస్తుంది.

కరెంటు చీటీ ఎక్కడికి వెళ్తుందో చెప్పక్కర్లేదు, కవర్ స్క్రూ ముట్టుకోకముందే. లెఫ్ట్ థ్రెడ్ చీటీ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ఎడమవైపు నట్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది, మామూలు నట్టుకి ఉల్టా. ఈ సంగతి నట్టు విప్పమన్న తర్వాత చెబితే మనిషి అప్పటికే తన అలవాటు ప్రకారం బలమంతా పెట్టి ఇంకా బిగించేసి ఉంటాడు. స్పానర్ జారి కణుపులు చెక్కుకుపోతాయి. కాబట్టి దాన్ని స్పానర్ చేతికి తీసుకోకముందే చెప్పాలి.

మరీ ముందు చెప్పినా పనికిరాదు

ఆలస్యంగా చెప్పడం తప్పని అందరికీ త్వరగానే అర్థమవుతుంది. దానికి విరుగుడుగా హెచ్చరికలన్నీ వీడియో మొదటి రెండు నిమిషాల్లో గుదిగుచ్చి చెప్పేస్తే? అది మాన్యువల్ మొదటి పేజీకి వీడియో రూపం, అంతే. ఎనిమిది హెచ్చరికలు వరసగా విన్నవాడికి ఐదో అడుగు వచ్చేసరికి "ఎదురుగా నిలబడొద్దు" అన్నది గుర్తుండదు.

వీడియో మొదట్లో పెట్టాల్సినవి పని అంతటికీ వర్తించేవి మాత్రమే: కళ్లకి గాగుల్స్, వేలాడే బట్టలు లేకపోవడం, కరెంటు తీయడం. మిగిలిన ప్రతిదీ తన అడుగు పక్కనే ఉండాలి, హెచ్చరికకీ అడుగుకీ మధ్య ఇంకో పని దూరకూడదు. ఒక హెచ్చరిక రెండు అడుగులకి వర్తిస్తే రెండు చోట్లా చెప్పండి. కరెంటు విషయంలో నేను అదే చేస్తాను. మొదట్లో ప్లగ్ పీకిస్తాను, మళ్లీ పాత వీల్ నట్టు దగ్గర "ప్లగ్ మీ కళ్ల ముందే ఉందా?" అని అడుగుతాను. ఈ మధ్యలో ఎవరో వచ్చి పక్క డ్రిల్లు కోసం ప్లగ్‌లు మార్చి ఉండొచ్చు, షాపుల్లో ఇది రోజూ జరిగేదే.

అలాగని ప్రతి అడుగుకీ హెచ్చరిక తగిలించకండి. "కవర్ స్క్రూలు జాగ్రత్తగా విప్పండి" అనే వాక్యం ఏ ప్రమాదం గురించీ చెప్పదు. అలాంటివి నాలుగు విన్నాక అయిదోది నిజమైన హెచ్చరిక అయినా చెవి దాన్ని వదిలేస్తుంది. ఏ దెబ్బ తగులుతుందో చెప్పలేకపోతే ఆ చీటీ చింపేయండి.

తెలుగులో హెచ్చరిక వాక్యం ఎలా కట్టాలి

ఈ భాగం మీద నేను ఎక్కువ సమయం పెడతాను, ఎందుకంటే ఇంగ్లీషు మాన్యువల్‌ని చూసి తెలుగు స్క్రిప్టు రాసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

తెలుగులో వద్దు అనే అర్థం క్రియ చివర వస్తుంది. "తిప్పండి", "తిప్పకండి". ఈ రెండింటికీ తేడా మధ్యలో ఒక్క అక్షరం. పక్కన కంప్రెసర్ మోగుతుంటే ఆ "క" వినపడదు. "నట్టుని పైపు వేసి బిగించకండి" అన్న వాక్యంలో చెవికి ముందుగా, స్పష్టంగా అందేది "నట్టుని పైపు వేసి బిగించ..." వరకే. అంటే చేయకూడని పనిని పూర్తిగా వర్ణించి, వద్దు అన్నదాన్ని చివర్లో గుసగుసలాడినట్టు అవుతుంది.

దీనికి నేను రెండు పనులు చేస్తాను. మొదటిది, వీలైన ప్రతిచోటా చేయాల్సిన పనిగా మార్చి చెప్పడం. "వీల్ ఎదురుగా నిలబడకండి" బదులు "పక్కకి జరగండి. గ్రైండర్‌కి పక్కగా నిలబడండి." ఇందులో ఏ అక్షరం పోయినా అర్థం ఉల్టా అవదు. రెండోది, నిషేధంగానే చెప్పక తప్పనప్పుడు ఆపే మాటని ముందుకు తీసుకురావడం: "ఆగండి. పైపు వద్దు. సుత్తి వద్దు. స్పానర్ ఒక్కటే చాలు." "వద్దు" అన్నది విడి మాట కాబట్టి గోలలో కూడా నిలబడుతుంది. "రాదు", "వలదు", "కూడదు" అనే పుస్తకపు మాటలు షాపులో ఎవరూ ఒకరితో ఒకరు అనుకోరు, స్క్రిప్టులోనూ వద్దు.

ఇంకో చిక్కు "ముందు" అన్న మాటతో వస్తుంది. "నట్టు విప్పే ముందు ప్లగ్ పీకండి" అన్నది చక్కటి తెలుగు వాక్యం, కాగితం మీద ఏ ఇబ్బందీ లేదు. కానీ వినేవాడికి మొదట అందేది "నట్టు విప్పే". చేయి స్పానర్ వైపు వెళ్లిపోతుంది. అందుకే వాక్యాన్ని విరిచి, పని జరగాల్సిన వరసలోనే పెడతాను: "ప్లగ్ పీకండి. పీకిన ప్లగ్‌ని కనపడేలా బెంచీ మీద పెట్టండి. ఇప్పుడు నట్టు." స్క్రిప్టు పూర్తయ్యాక "ముందు" అన్న మాట కోసం ఒకసారి వెతకండి. "విప్పే ముందు", "వేసే ముందు", "అమర్చే ముందు" అన్నవి దొరికిన ప్రతిచోటా వాక్యం తిరగరాయాలి.

హెచ్చరికలో మూడు విషయాలు ఉండాలి: ఏది ప్రమాదం, ఏం జరుగుతుంది, ఏం చేస్తే తప్పుతుంది. "రింగ్ టెస్ట్ తప్పనిసరి" అన్నదాంట్లో ఈ మూడూ లేవు. "వీల్‌లో కంటికి కనపడని పగులు ఉండొచ్చు. స్విచ్ వేయగానే ముక్కలై మొహానికి తగులుతుంది. బిగించకుండానే కొట్టి వినాలి." ఇందులో ఉన్నాయి. నేను మూడు చిన్న వాక్యాలకి మించి వెళ్లను. మూడింట్లో సరిపోవట్లేదంటే అక్కడ రెండు హెచ్చరికలు కలిసిపోయాయని అర్థం, విడదీయాలి.

హెచ్చరిక స్థాయిని చెప్పే మాటల గురించి ఒక్క మాట. అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ జెడ్535 ప్రకారం రాసిన మాన్యువల్స్‌లో డేంజర్, వార్నింగ్, కాషన్ అని మూడు మెట్లు ఉంటాయి. తప్పించకపోతే ప్రాణం పోవడమో తీవ్రమైన గాయమో తప్పదంటే డేంజర్, అలా జరిగే అవకాశం ఉందంటే వార్నింగ్, చిన్న లేదా ఒక మోస్తరు గాయం కావచ్చంటే కాషన్. యంత్రానికి నష్టమే తప్ప మనిషికి కాదంటే నోటీస్. నేను వీటికి వరసగా ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త, గమనిక అని వాడతాను. మీరు ఏ మాటలు ఎంచుకున్నా ఒక వీడియోలో "జాగ్రత్త" అన్నది ఇంకో వీడియోలో "హెచ్చరిక" కాకూడదు. మన నమూనా పేజీలో ప్రాణం మీదికి వచ్చే నాలుగు సంగతులు "గమనిక" కింద ఉన్నాయి. స్క్రిప్టులో వాటికి ఆ మాట తీసేయాలి.

బొమ్మలో చేతులు ఆగాలి

మాట ముందు వచ్చినంత మాత్రాన చాలదు. హెచ్చరిక వినిపిస్తుండగా తెర మీద చేతులు పని చేసుకుంటూ పోతే చూసేవాడు చేతులనే చూస్తాడు, వాటినే అనుకరిస్తాడు. అందుకే హెచ్చరిక ఉన్నంత సేపూ చేతులు పనిముట్ల మీద ఉండకూడదని స్క్రిప్టులోనే రాస్తాను. కెమెరామన్‌కీ, చేసి చూపించే ఫిట్టర్‌కీ అది వాళ్ల కాగితం మీదే కనపడాలి. తెర మీద కూడా హెచ్చరిక అక్షరాలు పడాలి, కానీ చెప్పే మూడు వాక్యాలూ కాదు. అయిదారు మాటలు చాలు, మాట మొదలైనప్పుడు వచ్చి, పని మొదలైనప్పుడు పోవాలి.

తప్పు పద్ధతిని నటించి చూపించే షాట్లు నేను పెట్టను. చేయకూడని పని చేస్తున్న చేతులు మాట కంటే బాగా గుర్తుండిపోతాయి, మ్యూట్‌లో చూసేవాడికి అదే పాఠం అవుతుంది. తప్పు ఫలితాన్ని చూపించొచ్చు, పగిలిన వీల్‌ని బెంచీ మీద పెట్టి చూపిస్తే చాలు.

ఒక్క విషయంలో వీడియో కాగితాన్ని మించిపోతుంది. రింగ్ టెస్ట్‌లో మంచి వీల్ "ఖంగ్"మని మోగుతుంది, పగిలింది "టప్"మని చచ్చిన చప్పుడు చేస్తుంది. మాన్యువల్ ఎన్ని మాటలు రాసినా ఆ తేడా చెవికి తెలియదు. ఇక్కడ నేపథ్య సంగీతం పూర్తిగా ఆపేయండి, షాపులో మిగతా యంత్రాలు ఆపించి రికార్డు చేయండి. పగిలిందని పక్కన పడేసిన వీల్ ఒకటి ఫిట్టర్ల దగ్గర దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. రెండు శబ్దాలూ ఒకదాని తర్వాత ఒకటి, రెండేసి సార్లు వినిపించండి. బెంచ్ గ్రైండర్‌కి సాధారణంగా వాడే విట్రిఫైడ్ వీల్స్ గురించే ఈ మాట. రెజిన్‌తో చేసిన వీల్స్ మంచివైనా అంత స్పష్టంగా మోగవు, ఆ సంగతి వీడియోలో చెప్పకపోతే మంచి వీల్‌ని పారేస్తారు, లేదా పరీక్ష మీదే నమ్మకం పోతుంది.

మూడో అంకె స్క్రిప్టుగా మారాక

మాన్యువల్‌లో "కొత్త వీల్ అమర్చి నట్టు బిగించవలెను. అతిగా బిగించరాదు" అని ఒక్క లైనులో ఉన్నది స్క్రిప్టులో ఇలా అయింది. వేగం సరిచూసే అడుగు దీనికి ముందే అయిపోయిందనుకోండి.

> దృశ్యం 7. కొత్త వీల్ బెంచీ మీద గుడ్డ పరిచి ఉంది. చేతులు వీల్‌కి రెండు పక్కలా, కదలకుండా.
> తెర మీద: హెచ్చరిక. కనపడని పగులు ఉండొచ్చు
> మాట: ఆగండి. ఈ వీల్‌లో కంటికి కనపడని పగులు ఉండొచ్చు. స్విచ్ వేయగానే ముక్కలై మొహానికి తగులుతుంది. బిగించకుండానే కొట్టి వినాలి.
> (రెండు సెకన్ల మౌనం.)
>
> దృశ్యం 8. వీల్ మధ్య రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీస్తారు. రెండో చేతిలో స్క్రూడ్రైవర్, చెక్క పిడి వీల్ వైపు.
> మాట: వీల్ పొడిగా ఉండాలి, దుమ్ము తుడిచి ఉండాలి. వేలికి వేలాడదీయండి. చెక్క పిడితో మెల్లగా కొట్టండి. నిలువు గీతకి రెండు పక్కలా, 45 డిగ్రీల దగ్గర, అంచు నుంచి రెండు మూడు వేళ్ల లోపలికి.
>
> దృశ్యం 9. దగ్గరగా వీల్. సంగీతం లేదు.
> శబ్దం: మంచి వీల్, రెండు సార్లు. తర్వాత పగిలిన వీల్, రెండు సార్లు.
> మాట: మొదటిది మంచి వీల్. రెండోది పగిలింది. వీల్‌ని 45 డిగ్రీలు తిప్పి మళ్లీ కొట్టి వినండి. రెండో వైపు కూడా. చప్పుడు చచ్చినట్టుంటే ఆ వీల్ వద్దు. పక్కన పెట్టి సూపర్‌వైజర్‌కి చెప్పండి.
>
> దృశ్యం 10. తుడిచిన లోపలి ఫ్లాంజ్. వీల్ మీద పేపర్ వాషర్ దగ్గరగా. చేతులు కనపడవు.
> తెర మీద: హెచ్చరిక. ఈ కాగితం తీయొద్దు
> మాట: ఇది లేబుల్ కాదు. ఇది లేకపోతే ఒత్తిడి ఒకే చోట పడి వీల్ పగలొచ్చు. రెండు వైపులా కాగితం ఉందో లేదో చూసుకోండి.
>
> దృశ్యం 11. వీల్ స్పిండిల్‌కి ఎక్కుతుంది. బయటి ఫ్లాంజ్, తర్వాత నట్టు చేత్తోనే.
> మాట: వీల్ తనంతట తాను జారి కూర్చోవాలి. తోయాల్సి వస్తే అది సరైన వీల్ కాదు. ఫ్లాంజ్ పెట్టండి. నట్టు చేత్తో తిప్పండి.
>
> దృశ్యం 12. స్పానర్ బెంచీ మీద. చేతులు దూరంగా.
> తెర మీద: హెచ్చరిక. పైపు వద్దు, సుత్తి వద్దు
> మాట: ఆగండి. ఎక్కువ బిగిస్తే వీల్ పగులుతుంది. పైపు వద్దు. సుత్తి వద్దు. స్పానర్ ఒక్కటే చాలు.
>
> దృశ్యం 13. స్పానర్ నట్టు మీద. నట్టు బిగుస్తుంది.
> మాట: ఇది ఎడమవైపు. గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పి బిగించండి. వీల్ జారకుండా పట్టు దొరకగానే ఆపండి.

దృశ్యం 13 మొదట్లో "ఇది ఎడమవైపు" అన్న మాట నేను రెండో సారి రాసినప్పుడు చేర్చింది. పాత వీల్ విప్పేటప్పుడు చెప్పాం కదా అని మొదట వదిలేశాను. కానీ బిగించేటప్పుడు దిశ మళ్లీ మారుతుంది, చూసేవాడు ఆ లెక్క తనే వేసుకోవాలని ఆశించకూడదు.

నిమిషం పాటు ఖాళీగా నడిపే చివరి అడుగులో వరస ఇది: కవర్, గార్డు బిగించి ఉన్నాయని చూపించడం, టూల్ రెస్ట్ 3 మి.మీ. మించని సందులో ఉందని చూపించడం, "పక్కకి జరగండి, ఎదురుగా ఎవరూ లేకుండా చూడండి" అన్న హెచ్చరిక, ఫిట్టర్ నిజంగా పక్కకి జరగడం, అప్పుడు మాత్రమే ప్లగ్, స్విచ్. టూల్ రెస్ట్ సర్దడం ఇక్కడే, వీల్ ఆగి ఉన్నప్పుడే ముగించాలి. స్విచ్ ఆపాక కూడా వీల్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, కొంతమంది ఆ తిరుగుడులోనే టూల్ రెస్ట్ ముట్టుకుంటారు. అందుకని ఆఖరి షాట్‌ని వీల్ పూర్తిగా ఆగేదాకా కట్ చేయొద్దని ఎడిటర్‌కి రాసి పెడతాను.

సరిచూసుకోవడం

స్క్రిప్టు షూటింగ్‌కి పోకముందు నేను పెట్టే పరీక్ష చాలా చిన్నది. ఈ పని ఎప్పుడూ చేయని ఒకరిని ప్లగ్ పీకిన గ్రైండర్ ముందు నిలబెడతాను. వెనక నిలబడి స్క్రిప్టు పైకి చదువుతాను, వీడియో ఎంత వేగంగా మాట్లాడుతుందో అంతే వేగంతో. విన్న వెంటనే విన్నది చేయమంటాను, ఎదురు చూడొద్దంటాను. ఆయన చేయి ఎక్కడ హెచ్చరిక కంటే ముందు కదిలిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెడతాను. గీత పడిన ప్రతిచోటా తప్పు స్క్రిప్టుదే. మొదటిసారి చేసినప్పుడు నాకు నాలుగు గీతలు పడ్డాయి, వాటిలో మూడు "ముందు" అన్న మాట దగ్గరే.

ఆ తర్వాత స్క్రిప్టునీ మాన్యువల్‌నీ పక్కపక్కన పెట్టుకుని అంకెలు సరిచూడండి. 3 మి.మీ., ఒక నిమిషం, వేగం, ఇవి మీ యంత్రం మాన్యువల్‌లో ఎలా ఉంటే అలాగే రావాలి. భాష మీది, అంకెలు తయారీదారువి. మాన్యువల్ తప్పనిపించినా స్క్రిప్టులో మీరే దిద్దకండి, తయారీదారుని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. మీరు కొత్తగా చేర్చిన అడుగుల్ని, మా దగ్గర ఫ్లాంజ్ తుడవడం లాంటివాటిని, సేఫ్టీ చూసే మనిషి చదివి సంతకం పెట్టాలి. వీడియో మొదటి ఫ్రేములో యంత్రం మోడల్, మాన్యువల్ ఎడిషన్ నంబరు వేయండి. అదే షాపులో 200 మి.మీ. గ్రైండర్ ఇంకోటి ఉంటే ఈ వీడియో దానిది కాదని అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక్కటి, ఇది ఈమధ్యే నేర్చుకున్నాను. వీడియో మొత్తంగా ఎవరూ పంపుకోరు. కావాల్సిన ముక్క కత్తిరించి వాట్సాప్ గ్రూపులో పెడతారు. నట్టు బిగించే ముక్క మాత్రమే నలభై సెకన్లు తిరుగుతూ ఉంటుంది, దాని హెచ్చరిక ముందు క్లిప్పులో ఉండిపోతుంది. అందుకని ఇప్పుడు నేను హెచ్చరికకీ దాని అడుగుకీ మధ్య కట్ పెట్టను. హెచ్చరికలో ఉన్న షాటే కదలకుండా కొనసాగి, అదే ఫ్రేములోకి చేతులు వస్తాయి, తెర మీది అక్షరాలు నట్టు మీద స్పానర్ పడేదాకా ఉంటాయి. ఎవరు ఎక్కడ కత్తిరించినా "పైపు వద్దు, సుత్తి వద్దు" అన్న మాట ఆ నట్టుతో పాటే వెళ్తుంది.